పెద్దకొడుకు సణుగుడు ఎవరి మాట?

మా చర్చిలో ఒక ఆదివారం పాస్టరుగారు లూకా సువార్త 15వ అధ్యాయం మీద 52 నిమిషాలు మాట్లాడారు. తప్పిపోయిన కుమారుడి కథ. దానిలోంచి ఫోనులో చూసుకునేలా నాలుగు చిన్న వీడియోలు తీసే పని నాకు పడింది.

మొదట అందరిలాగే చేశాను. గొంతు పెరిగిన చోట, జనం "ఆమెన్" అన్న చోట కత్తిరించాను. వచ్చిన ముక్క "అందుకే ఆయన పరుగెత్తాడు!" అని మొదలైంది. ఎవరాయన? ఎందుకు పరుగెత్తాడు? గుడిలో కూర్చున్నవాళ్లకు తెలుసు. బస్సులో ఫోను చూసేవాడికి ఏం తెలుసు? ఆ కేక ఒక ప్రశ్నకు జవాబు. ప్రశ్నేమో ఆరు నిమిషాల ముందే అయిపోయింది.

అప్పటినుంచి వీడియో ముట్టుకునే ముందు ప్రసంగం మొత్తం కాగితం మీదికి దింపుకుంటున్నాను, పక్కన నిమిషాలు వేసుకుని. చదువుతుంటే చెవికి తెలియనిది కంటికి తెలుస్తుంది. ప్రసంగీకులు ముఖ్యమైన మాట ఒక్కసారి చెప్పి ఊరుకోరు. రెండుమూడుసార్లు తిరిగొస్తారు, చివరిసారి చెప్పినప్పుడు అది చాలావరకు క్లుప్తంగా వస్తుంది. తండ్రి పరుగు సంగతి 18వ నిమిషంలో విడమరిచి చెప్పారు, 24లో కేక వేశారు, 41లో మళ్లీ ఎత్తుకున్నారు: ఆస్తి పంచుకుని పోయిన కొడుకు తిరిగొస్తుంటే, పెద్దమనిషి అయ్యుండీ ఆ తండ్రి ఎదురు పరుగెత్తాడు, వాడు నోరు తెరవకముందే. ప్రశ్న, జవాబు, మనుషులు అన్నీ 70 సెకన్లలో ఉన్నాయి. కేక లేదు. అయినా ఆ ముక్కే తీసుకున్నాను.

యూట్యూబ్ షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి ముందూ వెనకా ఒక వాక్యం ఎక్కువ ఉంచడానికి పిసినారితనం అక్కర్లేదు. మధ్యలో వాక్యాలు తీసేసి రెండు చివరలు అతికించడం మాత్రం నేను చేయను. వెనక కీబోర్డు వాయిస్తుంటే అతుకు వినబడిపోతుంది. వినబడకపోయినా, ఆయన ఆ వరసలో అనని మాట అన్నట్టవుతుంది.

అంతకన్నా పెద్ద గండం పెద్దకొడుకు దగ్గర వచ్చింది. పాస్టరుగారు వాడి గొంతుతో తండ్రిని నిలదీశారు. నటన బాగా పండింది. అక్కడికి తెంపితే పాస్టరుగారే దేవుడి మీద సణుగుతున్నట్టుంది! వాదన మార్చే "కానీ" 50 సెకన్ల తర్వాత వచ్చింది. ముక్కను అక్కడిదాకా సాగదీశాను. మిగిలిన పని కింద వేసే అక్షరాలు చేయాలి, ఎందుకంటే చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు. గొంతు మార్పు వాళ్లకు చేరదు, కొటేషన్ గుర్తులు చేరతాయి:

```
3
00:00:07,200 --> 00:00:10,400
పెద్దోడు ఏమంటున్నాడు?
"ఇన్నేళ్లు చాకిరీ చేశాను,

4
00:00:10,600 --> 00:00:12,900
ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా?"
```

ఇది ఎస్ఆర్‌టీ ఫైలు. వరస సంఖ్య, మొదలూ చివరా సమయాలు, వాటి కింద మాటలు. సెకనులో వెయ్యోవంతులకు ముందు కామా ఉంటుంది, చుక్క కాదు. యూటీఎఫ్-8లో భద్రపరచకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించవచ్చు.

మాటలు మొదట యంత్రం చేతే రాయించాను. చాలావరకు బాగానే రాసింది. తప్పిన చోట మాత్రం పందులు "పొట్టు" బదులు "పట్టు" తిన్నాయి. చిన్నకొడుకు అడిగిన "ఆస్తి" కాస్తా "అస్థి" అయింది, అంటే ఎముక. ఇలాంటివి అక్షరదోషాలు వెతికే సాఫ్ట్‌వేరుకు దొరకవు, ఎందుకంటే రెండూ ఉన్న మాటలే. ఆడియో వింటూ ఒక్కో పంక్తీ చూడాల్సిందే. అధ్యాయం, వచనం అంకెలను బైబిలు తెరిచి సరిచూడాలి. పాస్టరుగారు "వచ్చిండు" అంటే నేను "వచ్చాడు" అని దిద్దను. నోరూ అక్షరాలూ వేరువేరుగా కదిలితే చూసేవాడికి చిరాకు. తడబాటుగా రెండుసార్లు వచ్చిన మాట మాత్రం ఒకసారే రాస్తాను.

అక్షరాలను వీడియో మీదే ముద్రించేటప్పుడు ఇంకో చిక్కుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు ఒత్తులు చేతకావు. ముందుగా "క్రీస్తు", "స్త్రీ" అని టైపు చేసి చూడండి. ఒత్తు కిందికి చేరకుండా పొల్లుతో పక్కన నిలబడితే ఆ ఫాంటు గానీ సాఫ్ట్‌వేరు గానీ మార్చాలి. నిలువు వీడియోలో అడుగు భాగాన్ని యాప్ బటన్లూ శీర్షికా కప్పేస్తాయి కాబట్టి అక్షరాలు కొంచెం పైకి పెట్టాలి.

నాలుగూ సిద్ధం చేసి పాస్టరుగారికి పంపాను. ఒకటి వద్దన్నారు. అందులో మా సంఘంలోని ఒక ఇంటి అన్నదమ్ముల తగాదా సంగతి ఉంది. పేర్లు చెప్పకపోయినా ఊళ్లో అందరికీ తెలుసు. "గుళ్లో చెప్పింది వేరు, ఫోన్లలో తిరిగేది వేరు" అన్నారు. మూడే పెట్టాం.