సర్వేలలో ఎంపిక అభినతి, ప్రతిస్పందన లేమి

ప్రతిరూపం పరిమాణం పెరిగేకొద్దీ ప్రతిచయన దోషం తగ్గుతుందని మీరు ఇంతకు ముందు చదివారు. యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన వెయ్యి మందిని అడిగితే, వచ్చే శాతంలో దోషం 95 శాతం విశ్వాస స్థాయిలో అటూ ఇటూ 3 వరకు ఉండవచ్చు. రెండున్నర లక్షల మందిని అడిగితే అది 0.2కు తగ్గుతుంది. ఈ లెక్క సరైనదే కాని, దానికి ఒక షరతు ఉంది. ఎవరు ప్రతిరూపంలోకి రావాలో చీటీ నిర్ణయించాలి, చీటీలో పేరు వచ్చినవారు సమాధానం చెప్పాలి. ఈ షరతు తప్పితే ఏమవుతుందో ఒక వాస్తవ ఉదాహరణతో చూద్దాం.

2021లో అమెరికాలో కోవిడ్ టీకాలు వేస్తున్న నెలల్లో, వయోజనులలో ఎంతమంది కనీసం ఒక డోసు వేయించుకున్నారో తెలుసుకోవడానికి మూడు సర్వేలు ఆన్‌లైన్‌లో జరిగాయి. ఫేస్‌బుక్ ద్వారా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ బృందం నిర్వహించిన సర్వేకు వారానికి సుమారు 2,50,000 సమాధానాలు వచ్చేవి. అక్కడి జనగణన సంస్థ సర్వేకు రెండు వారాలకొకసారి సుమారు 75,000 వచ్చేవి. యాక్సియోస్, ఇప్సోస్ సంస్థల సర్వేలో వారానికి వెయ్యి మందే ఉండేవారు. టీకాల విషయంలో ఒక సౌకర్యం ఉంది: వేసిన డోసుల లెక్క ప్రభుత్వం దగ్గర విడిగా ఉంటుంది. మే నెలలో ఆ లెక్కతో పోల్చి చూస్తే, ఫేస్‌బుక్ సర్వే 17 శాతం పాయింట్లు ఎక్కువగా, జనగణన సంస్థ సర్వే 14 పాయింట్లు ఎక్కువగా చూపినట్లు తేలింది. వెయ్యి మంది సర్వే మాత్రం వాస్తవానికి దగ్గరగా ఉంది.

ఇలా ఒకే వైపుకు లాగే దోషాన్ని అభినతి అంటారు. యాదృచ్ఛిక దోషం ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది కనుక సంఖ్య పెరిగితే సర్దుకుంటుంది. అభినతి సర్దుకోదు.

అభినతి రెండు దశల్లో ప్రవేశిస్తుంది. మొదటిది ఎంపిక. ఫేస్‌బుక్ వాడనివారికి ఆ సర్వేలోకి వచ్చే అవకాశం సున్నా. ఇప్సోస్ సంస్థ ఇంటి చిరునామాల జాబితా నుంచి యాదృచ్ఛికంగా ఎంచుకుని సభ్యులను చేర్చుకుంది. ఇంటర్నెట్ లేని ఇళ్లకు పరికరాన్ని, కనెక్షన్‌ను తానే ఇచ్చింది. ఖర్చంతా అక్కడే!

రెండవది ప్రతిస్పందన లేమి, అంటే ఆహ్వానం అందినా సమాధానం ఇవ్వకపోవడం. ఫేస్‌బుక్ సర్వేలో ఆహ్వానం అందిన వంద మందిలో సుమారు ఒకరే స్పందించారు. ఇది ఎంత తేడా తెస్తుందో ఒక ఊహాజనిత లెక్క చేయండి. లక్ష మందికి ఆహ్వానం పంపారు; వారిలో 50,000 మంది టీకా వేయించుకున్నారు, 50,000 మంది వేయించుకోలేదు. వేయించుకున్నవారిలో 2 శాతం, వేయించుకోనివారిలో 1 శాతం స్పందించారనుకోండి. అప్పుడు 1,000 మంది ‘అవును’ అని, 500 మంది ‘లేదు’ అని చెబుతారు. సర్వే ఫలితం 67 శాతం, వాస్తవం 50 శాతం. పది లక్షల మందికి పంపినా 10,000, 5,000 సమాధానాలు వచ్చి మళ్లీ అదే 67 శాతం వస్తుంది. ఇప్పుడు అదే ఒక శాతం తేడాను 52, 51 శాతాలుగా తీసుకుని లెక్కించండి. ఫలితం 50.5 శాతం, తప్పు దాదాపు కనిపించదు. స్పందన తక్కువగా ఉన్నచోట రెండు వర్గాల మధ్య కొద్దిపాటి తేడా కూడా ఫలితాన్ని ఎంతో మార్చివేస్తుందని గమనించండి.

దీన్ని సవరించడానికి భారాలు ఉపయోగిస్తారు. సమాధానాల్లో తక్కువగా ఉన్న వర్గానికి జనగణన నిష్పత్తిని బట్టి ఎక్కువ భారం ఇస్తారు. ఫేస్‌బుక్ సర్వే వయస్సు, లింగం ప్రకారం భారాలిచ్చింది కాని విద్యార్హత ప్రకారం ఇవ్వలేదు. అమెరికాలో ఎక్కువ చదివినవారే టీకా ఎక్కువగా వేయించుకున్నారు, సర్వేలోనూ వారే ఎక్కువగా ఉన్నారు. మరి విద్యార్హతను చేర్చితే సరిపోయేదా? జనగణన సంస్థ చేర్చింది, అయినా 14 పాయింట్లు తప్పింది. ఎందుకంటే ఒకే వయస్సు, ఒకే చదువు ఉన్నవారిలో స్పందించినవారూ స్పందించనివారూ ఒకేలా ఉంటారని భారాల పద్ధతి ముందుగానే అనుకుంటుంది. ప్రభుత్వ సర్వేకు ఓపికగా జవాబిచ్చే వ్యక్తి ప్రభుత్వం ఇచ్చే టీకాకూ సులువుగా ముందుకు వచ్చే వ్యక్తి కావచ్చు. ఆ తేడాను కొలిచే గడి ఏ జనగణన పట్టికలోనూ ఉండదు.

కాబట్టి ఏదైనా ఆన్‌లైన్ సర్వే నివేదిక చేతికి వస్తే, ఎంతమంది చెప్పారన్నదాని కంటే ముందు ఎంతమందిని అడిగారో చూడండి. ఆ సంఖ్య ఇవ్వకపోతే ప్రతిస్పందన రేటు లెక్కించలేరు. తరువాత, బయట ఖచ్చితంగా తెలిసిన ఒక అంశాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు, జనాభాలో పట్టభద్రుల శాతాన్ని సర్వేలో వచ్చిన శాతంతో పోల్చండి. అక్కడే పెద్ద తేడా ఉంటే, తెలియని అంశాల విషయంలో ఆ సర్వేను నమ్మడానికి ఆధారం ఉండదు. తేడా లేనంత మాత్రాన సర్వే సరైనదని కూడా అనలేం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

“డిగ్రీ పరీక్షలు ఆన్‌లైన్‌లో జరపాలా?” అని ఒక దినపత్రిక వెబ్‌సైటు అడిగిందనుకుందాం. 40,000 మంది ఓటు వేయగా 82 శాతం మంది ‘అవును’ అన్నారు.

1. ఇందులో ప్రతిస్పందన రేటును ఎందుకు లెక్కించలేము?

2. ఈ ప్రశ్నకు ‘వద్దు’ అనే అవకాశం ఎక్కువగా ఉన్నవారు ఏ దశలో జారిపోయారు?