కాస్‌ప్లే కవచం కత్తిరించే ముందు మీ ఫోటో మీదే ఒకసారి వేసి చూడండి

వర్ని నుంచి ఒక తమ్ముడు ఫోటో పంపాడు. హైదరాబాద్ కామిక్ కాన్‌కి బాహుబలి తరహా యోధుడి వేషం వేసుకుని పోవాలట. భుజ కవచాలు, ఛాతీ కవచం, ఎర్ర కేప్, కత్తి. "అన్నా, ఇట్ల రావాలె" అని నెట్‌లో దొరికిన కవచం బొమ్మని తన ఫోటో మీద అతికించి పంపాడు. చూడ్డానికి సూపర్‌గా ఉంది. కానీ ఆ కొలతలతో ఫోమ్ కోస్తే చెయ్యి పైకి లేవదు. ఎందుకో చూద్దాం.

ముందు ఫోటో సంగతి. తను దగ్గర నుంచి, ఫోన్ పైకెత్తి తీయించుకున్నాడు. అలా తీస్తే తల పెద్దగా, కాళ్లు చిన్నగా పడతాయి. ఆ ఫోటో మీద ఏ కొలతా నిలవదు. ఫోన్‌ని నడుము ఎత్తులో పెట్టి, మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి తీయాలి. ఒంటికి పట్టిన బట్టలు వేసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన పని. మీటరు పొడవున్న పీవీసీ పైపు ముక్క తీసుకోండి. పది సెంటీమీటర్లకో గీత చొప్పున నల్ల టేప్ చుట్టండి. దాన్ని కత్తిలా పట్టుకుని, ఒంటికి పక్కనే నిటారుగా ఉంచి ఫోటో దిగండి. ముందుకు చాపితే పైపు పెద్దగా పడి కొలత తప్పుతుంది. ఈ ఒక్క పైపుతో రెండు పనులవుతాయి. అదే మీ స్కేలు. వేళ్లు నిజంగా పిడి పట్టుకున్నట్టే ఉంటాయి కాబట్టి కత్తి గాల్లో తేలుతున్నట్టు కనబడదు.

ఇప్పుడు ఐబిస్ పెయింట్ లాంటి లేయర్లు ఉన్న ఏ యాప్‌లో అయినా ఫోటో తెరవండి. పైపు వరకు కత్తిరించి వేరే లేయర్‌గా కాపీ చేసుకోండి. దాన్ని తిప్పి ఎక్కడ పెడితే అక్కడ కొలత తెలుస్తుంది. ఈ స్కేలు సైజు మాత్రం మార్చకూడదు. లేయర్ల వరుస కింద నుంచి పైకి ఇలా ఉండాలి: వెనక గోడ, కేప్, మనిషి, కవచం, కత్తి, అన్నిటికంటే పైన వేళ్లు. కేప్ మనిషి వెనకాల పడాలి కాబట్టి మనిషిని కూడా విడిగా కత్తిరించుకోవాలి.

కవచాన్ని ఒంటి అంచు వెంబడే గీయొద్దు. ఫోమ్ మందం ఒక సెంటీమీటరు, లోపల బట్టకీ గాలికీ ఇంకో సెంటీమీటరు. అంటే రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు బయటికి రావాలి. ఇది వదిలేస్తే ప్రివ్యూలో సన్నగా కనిపించి, నిజంగా వేసుకున్నాక డ్రమ్ములా ఉంటుంది.

ఇక మన తమ్ముడి భుజాలు. తన భుజాల వెడల్పు 42 సెంటీమీటర్లు. బొమ్మలోని కవచం ఒక్కో పక్క 14 బయటికి వచ్చింది, మొత్తం 70. చేతులు పైకెత్తి రెండో ఫోటో తీయించాను. భుజ కవచం లేయర్‌ని భుజం కీలు దగ్గర ఆనించి, చెయ్యి ఎంత తిరిగిందో అంతే తిప్పాం. అంచు నేరుగా చెవిలోకి వెళ్లింది! చేతికి కాకుండా ఛాతీ కవచానికే బిగిస్తే? అప్పుడు చెయ్యే సగంలో తగిలి ఆగిపోతుంది. అందుకని ఒక్కో పక్క 7 సెంటీమీటర్లకు తగ్గించాం, మొత్తం 56. ఒకే ముక్కగా కాకుండా, రొయ్య పెంకులా ఒకదాని మీద ఒకటి జారే మూడు పట్టీలు చేశాం. మళ్లీ తిప్పి చూస్తే చెవికి తగల్లేదు.

కేప్ దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. గుడ్డని బోర్డులా పరిచి గీస్తారు. నిజానికి కింద 220 సెంటీమీటర్లు ఉన్న గుడ్డ వేలాడితే ముడతలు పడి అందులో సగం కూడా కనబడదు. 44 అంగుళాల పన్నా గుడ్డని రెండు పొడవులు కలిపి కుట్టాలి. భుజం నుంచి చీలమండ వరకు తనకి 140 వచ్చింది. మడతకి పది కలిపి ఒక్కోటి మీటరున్నర, మొత్తం మూడు మీటర్లు. అంచు మడమ కిందికి పోనివ్వొద్దు, మెట్లెక్కేటప్పుడు మీ కాలే దాన్ని తొక్కుతుంది. నీడల కోసం పైన ఒక లేయర్ వేసి `Multiply` పెట్టండి. ఫోటోలో వెలుగు ఎటు నుంచి పడిందో దానికి ఎదురు పక్కనే నీడ ఉండాలి.

ఒక పరిమితి ఉంది. ముందు నుంచి తీసిన ఫోటోలో ఛాతీ లోతు తెలియదు. పక్క నుంచి ఒకటి, కుర్చీలో కూర్చుని ఒకటి తీసి ఇదే పని చేయండి. కూర్చున్న ఫోటోలో ఛాతీ కవచం కింది అంచు తొడకి తగులుతోందా? అది గొంతులోకి తన్నుకొస్తుంది. తమ్ముడిది తగిలింది, నడుము పైకి కత్తిరించాం. వర్ని నుంచి హైదరాబాద్ దాకా బస్సు సీట్లో కూర్చోవాలి కదా, అందుకే కవచం బ్యాగులో పెట్టుకుని, కత్తి పిడి విడిగా ఊడేలా చేయమన్నాను.

అన్నీ సరిపోయాకే అదే కొలతలతో ముందు అట్టపెట్టె ముక్కలు కోసి కట్టుకుని చూడండి. అది కూడా సరిపోతే అప్పుడు ఫోమ్ కొనండి. తమ్ముడు ప్రస్తుతం అట్టల దగ్గరున్నాడు. ఎలా వచ్చిందో తర్వాతి ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటా మరి.