‘ఛింగ్’ అంటే దయచేసి... ‘చింగ్’ అంటే బావి!

మా లేపాక్షిలో వేరుశనగ పండించే ఇంటి నుంచి మా అక్క కూతురు చైనాకు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లింది. పేరు లావణ్య అనుకుందాం. పాఠాలన్నీ ఇంగ్లిషులోనే. అయినా మొదటిరోజు క్లాసులో ప్రతి విద్యార్థీ లేచి చైనీస్‌లో తన గురించి నాలుగు మాటలు చెప్పాలని ముందే కబురొచ్చింది. ‘‘పిన్నీ, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిచ్చారు. చదివితే నాకే నవ్వొస్తోంది’’ అంది.

నేను బడిలో తెలుగు చెబుతాను. అక్కడ చదువుతున్న సీనియర్ అమ్మాయి ఒకరు ఫోనులో పలికి వినిపిస్తుంటే, మేమిద్దరం ఆ మాటల్ని తెలుగులో రాసుకున్నాం. అప్పుడు తెలిసింది, ఈ పనికి ఇంగ్లిషు కన్నా మన ఒత్తక్షరాలే నయమని!

ఇదిగో ఆ ప్రసంగం. అరనిమిషం కూడా పట్టదు.

తా చ్యా హావ్. (అందరికీ నమస్కారం.)
వొ చ్యావ్ లావానియా. (నా పేరు లావణ్య.)
వొ ష ఇన్ తు రన్. (నేను భారతీయురాలిని.)
వొ చ్యా ౘాయ్ ఇన్ తు నాన్ పు. (మా ఇల్లు దక్షిణ భారతంలో ఉంది.)
వొ శ్వే ఈ. (నేను వైద్యం చదువుతున్నాను.)
ఛింగ్ త్వొ త్వొ క్వాన్ చావ్. (దయచేసి నన్ను కాస్త చూసుకోండి.)
శ్యే శ్య తా చ్యా. (అందరికీ ధన్యవాదాలు.)

చైనీస్‌ను ఇంగ్లిషు లిపిలో రాసే పద్ధతిలో ‘డి’ అని రాసిందాన్ని ‘త’ అనీ, ‘టి’ అని రాసిందాన్ని ‘థ’ అనీ పలకాలి. అలాగే ‘జి’ ఉన్నచోట ‘క’, ‘కె’ ఉన్నచోట ‘ఖ’. అంటే తేడా అంతా ఒత్తులోనే ఉందన్నమాట. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు ఒత్తులు మింగేస్తాం కదా, అక్కడే చిక్కు. ‘ఛింగ్’ అంటే దయచేసి. ఒత్తు పోయి ‘చింగ్’ అయితే బావి! ఎండిన బావులు చూసీ చూసీ విసిగిన అనంతపురం పిల్ల అక్కడికెళ్లి మళ్లీ బావి మాటే ఎత్తడమా?

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడం సులువే. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని పలకండి. ‘ఛింగ్’ అన్నప్పుడు కాగితం ఎగరాలి. ‘చ్యావ్’ అన్నప్పుడు కదలకూడదు.

‘ౘాయ్’లో ఉన్నది చాప, చాలు అన్నప్పటి చ. ‘చ్యా’లో ఉన్నది చిన్న, చీర అన్నప్పటి చ. ‘క్వాన్ చావ్’లోని చ మాత్రం నాలుక కొన వెనక్కి మడిచి పలకాలి. ‘శ్యే’కి శంఖంలో శ, ‘ష’కి షట్కోణంలో ష.

అక్షరాలు కుదిరినా రాగం కుదరాలి. చైనీస్‌లో స్వరం నాలుగు రకాలు. మొదటిది శ్రుతి పట్టినట్టు ఎత్తుగా, సమంగా సాగుతుంది. రెండోది ‘ఏం?’ అని అడిగినట్టు పైకి లేస్తుంది. మూడోది ఇష్టం లేకుండా ‘ఊఁ’ కొట్టినట్టు కిందికి దిగుతుంది. నాలుగోది ‘పో!’ అని కసిరినట్టు పైనుంచి ఒక్కసారిగా పడుతుంది. రెండో వాక్యంలోని ‘చ్యావ్’ను నాలుగో స్వరంలో పడేస్తేనే ‘నా పేరు లావణ్య’ అవుతుంది. మొదటి స్వరంలో సాగదీస్తే ‘నేను లావణ్యకు పాఠం చెబుతాను’ అయిపోతుంది! ఈ స్వరాన్ని మన లిపి పట్టుకోలేదు. అందుకే సీనియర్ గొంతు రికార్డు చేసుకుని, ఒక్కో వాక్యం విని, వెంటనే తను పలికి, రెండూ పక్కపక్కన పెట్టి వినేది.

పేరు సంగతీ ఉంది. చైనీస్‌లో ‘వ’ లేదు, ‘ణ’ లేదు, జంటాక్షరాలు అసలే లేవు. అందుకని లావణ్య ‘లా-వా-ని-యా’ అవుతుంది. ఆ ‘వా’ కూడా పెదవులు గుండ్రంగా చుట్టి పలికేదే. లేపాక్షిలోని ‘క్ష’ను కూడా విడగొట్టి ‘లె-ఫా-ఖ-శి’ అనాల్సిందే. ఊరి పేరుతో ఎదుటివాళ్లను తికమక పెట్టడమెందుకని దక్షిణ భారతం అని చెప్పి ఊరుకుంది.

ఒక్కరోజు ముచ్చటకు ఇంత కష్టమా అనుకోకండి. విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకు మన జాతీయ వైద్య కమిషన్ 2021లో నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం చదువు ఇంగ్లిషులో సాగాలి, చదివిన సంస్థలోనే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. పాఠం ఇంగ్లిషే, కానీ మంచం మీది రోగి ఇంగ్లిషు మాట్లాడడు కదా! అందుకే ఇంటర్న్‌షిప్‌కు ముందు చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి దాటాలని అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. పెద్దవయసు రోగులు ప్రాంతీయ యాసలో మాట్లాడితే అదీ చాలకపోవచ్చు.

రేపు రోగి దగ్గర కూర్చుని ‘దయచేసి నోరు తెరవండి’ అనాలన్నా, మొదట పలకాల్సింది ఈ ‘ఛింగ్’నే. మీ ఇంట్లో పిల్లలెవరైనా చైనా ప్రయాణంలో ఉంటే, సూట్‌కేసు సర్దేలోపే ఆ కాగితం ముక్క చేతికివ్వండి.