నెలాఖరు లాభం నిజమా, వెతుకులాట ఫలితమా?

నెల మారే రోజుల్లో షేర్లు పెరుగుతాయన్న మాట మార్కెట్లో పాతదే. దానికి ఆధారం లేకపోలేదు. 1988లో లకోనిషాక్, స్మిట్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా డౌజోన్స్ సూచీ 90 ఏళ్ల లెక్కలు తీశారు. నెల ఆఖరి ట్రేడింగ్ రోజు, కొత్త నెల మొదటి మూడు రోజులు కలిపి సూచీ సగటున 0.473 శాతం పెరిగింది. మామూలుగా ఏ నాలుగు రోజులు తీసుకున్నా ఆ సగటు 0.061 శాతమే.

ఇప్పుడు మీరు నిఫ్టీ పాత ధరలు ముందేసుకున్నారనుకోండి. ఈ నాలుగు రోజులే ఎందుకు, ఆఖరి రెండు రోజులు చూద్దాం, మొదటి ఐదు చూద్దాం అనిపిస్తుంది. నెలకు 20 ట్రేడింగ్ రోజులనుకుంటే, ఏ రోజైనా మొదలుపెట్టి ఒకటి నుంచి పది రోజుల దాకా షేర్లు ఉంచుకునే పద్ధతులు 200 అవుతాయి. ఒక్కో పద్ధతి కేవలం అదృష్టం కొద్దీ పరీక్ష నెగ్గే అవకాశం నూటికి ఐదు అనుకుందాం. అప్పుడు మార్కెట్లో ఏ లయా లేకపోయినా సగటున పది పద్ధతులు నెగ్గేస్తాయి. మనం వాటిలో మెరుగైనదాన్ని పట్టుకుని, జీతాలు పడే రోజులు కదా అని కారణం కూడా చెప్పుకుంటాం. కారణం దొరకడం రుజువు కాదు. ఏ తేదీకైనా ఏదో ఒక కారణం దొరుకుతుంది.

దీనికి విరుగుడుంది. ప్రతి నెలలోని రోజువారీ రాబడులను ఆ నెలలోనే తారుమారు చేయండి. నెల మంచిదో చెడ్డదో మారదు, తేదీకి రాబడికి ఉన్న సంబంధం మాత్రం తెగిపోతుంది. ఆ కలగాపులగంలో మళ్లీ 200 పద్ధతులూ లెక్కకట్టి, అన్నిటికన్నా మెరుగైన ఫలితాన్ని రాసుకోవాలి. ఇలా వెయ్యిసార్లు చేయాలి. మీకు దొరికిన అసలు ఫలితం ఆ వెయ్యిలో 950కి పైగా మించితేనే దాన్ని పట్టించుకోవాలి. పోల్చాల్సింది సగటు పద్ధతితో కాదు, అదృష్టం ఇవ్వగల అతి మంచి పద్ధతితో. వెతికి వదిలేసిన పద్ధతులను కూడా లెక్కలో చేర్చాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

2001లో సలివన్, టిమ్మర్‌మన్, వైట్ ఇదే ఆలోచనతో దాదాపు 9,500 క్యాలెండర్ సూత్రాలను ఒకేసారి పరీక్షించారు. విడిగా చూస్తే మెరిసినవేవీ ఆ గుంపులో నిలబడలేదు.

అయితే నెలాఖరు సంగతి అంతటితో తేలిపోలేదు. 2008లో మెకానెల్, షూ అదే నాలుగు రోజుల కిటికీని జరపకుండా, పాత పరిశోధనలు ఆగిన తర్వాతి సంవత్సరాల్లోనూ, ఇతర దేశాల్లోనూ చూశారు. 35 దేశాల్లో 31 చోట్ల అది కనిపించింది. కిటికీని ముందే బిగించి, కొత్త లెక్కలతో చూడటం వల్లే ఈ సాక్ష్యానికి బలమొచ్చింది. నా దృష్టిలో తారుమారు పరీక్ష కన్నా ఇదే గట్టిది.

నిజమని తేలినా ఖర్చు తీసేయాలి. మన దగ్గర డెలివరీ షేర్లు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ పడుతుంది. ఏడాదికి 12 విడతలంటే, బ్రోకరేజీ లెక్కేయకముందే 2.4 శాతం పోతుంది.