34 గంటలకు ఏ గ్రేడ్ వస్తుంది?

ఎక్స్‌టర్నల్స్ టైమ్‌టేబుల్ రాగానే బీటెక్ పిల్లలు చాలామంది నోటుపుస్తకం చివరి పేజీలో సబ్జెక్టుల పేర్లు రాసి, ఒక్కో దాని ఎదురుగా కావలసిన గ్రేడ్ వేసుకుంటారు. ఎక్కువమంది వేసుకునేది ‘ఓ’ గానీ ‘ఏ ప్లస్’ గానీ. ఆ పేజీ రాసే సమయానికే వాటిలో కొన్ని గ్రేడ్లు చేజారిపోయి ఉంటాయి. ఆ సంగతి తెలుసుకోవడానికి కావలసిన అంకెలన్నీ విద్యార్థి చేతిలోనే ఉన్నా, కూర్చుని లెక్క వేసేవాళ్లు తక్కువ.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్నే తీసుకుందాం. థియరీ సబ్జెక్టుకు మొత్తం 100 మార్కులు. అందులో 40 ఇంటర్నల్స్, అంటే మిడ్ పరీక్షలూ అసైన్‌మెంట్లూ వగైరా. మిగతా 60 సెమిస్టర్ చివర రాసే ఎక్స్‌టర్నల్‌కి. మొత్తం 90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ‘ఓ’ గ్రేడ్, దానికి 10 పాయింట్లు. 80 నుంచి ‘ఏ ప్లస్’కు 9, 70 నుంచి ‘ఏ’కు 8, 60 నుంచి ‘బీ ప్లస్’కు 7, 50 నుంచి ‘బీ’కి 6, 40 నుంచి ‘సీ’కి 5. ఆ కింద ఫెయిల్. ఆంధ్రప్రదేశ్‌లో జేఎన్‌టీయూ కాకినాడ కింద చదివేవాళ్లకు ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70. అటానమస్ కాలేజీలకు వాటి సొంత నిబంధనలు ఉంటాయి. అంకెలు మారినా లెక్క వేసే పద్ధతి ఒకటే.

ఈ నిబంధనల్లో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఎక్స్‌టర్నల్‌కి కూర్చునే ముందే ఇంటర్నల్స్ ఎన్నో తెలిసిపోతాయి. ఇంటర్నల్స్‌లో 40కి 20 వచ్చినవాళ్లు ఎక్స్‌టర్నల్‌లో 60కి 60 తెచ్చుకున్నా 80 దగ్గర ఆగిపోతారు. వాళ్లకు ‘ఓ’ అనేది ఎంత చదివినా రాదు. ‘ఏ ప్లస్’ కావాలంటే ఒక్క మార్కు కూడా పోకూడదు. రెండోది, గ్రేడ్ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 71కీ 79కీ ఒకే గ్రేడ్, ఒకే పాయింట్లు. 79కీ 80కీ మధ్య మాత్రం ఒక మెట్టు తేడా. కాబట్టి ఏ మార్కు కోసం కష్టపడుతున్నామో తెలియకుండా చదివితే, ఆ కష్టంలో కొంత మార్కుల మెమోలో ఎక్కడా కనిపించదు.

ప్రశ్నపత్రం కూడా ఈ లెక్కకు బాగా కుదురుతుంది. పార్ట్-ఏలో ఒక్కో మార్కు ప్రశ్నలు పది, యూనిట్‌కు రెండు చొప్పున. పార్ట్-బీలో పది మార్కుల ప్రశ్నలు ఐదు, యూనిట్‌కు ఒకటి. ప్రతిదానికీ ‘ఇది గానీ అది గానీ’ అన్న అవకాశం ఉంటుంది. అంటే ఒక్కో యూనిట్ విలువ 12 మార్కులు. ఐదు యూనిట్లు కలిపితే 60. ఒక యూనిట్ పూర్తిగా వదిలేసి దాని బదులు ఇంకో యూనిట్‌లో రెండు ప్రశ్నలు రాస్తామంటే కుదరదు. విద్యార్థి ‘నాకు ఎన్ని మార్కులు వస్తాయి’ అని అడగడం కన్నా ‘నేను ఎన్ని యూనిట్లు పూర్తి చేయగలను’ అని అడిగితే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ అనుకుందాం. సీఎస్ఈ రెండో ఏడాది మొదటి సెమిస్టర్ అమ్మాయి. మిగతా పరీక్షల సంగతి పక్కన పెడితే, రెండు సబ్జెక్టులకు కలిపి ఆరు రోజులు మిగిలాయి. ఒకటి డేటా స్ట్రక్చర్స్, మూడు క్రెడిట్లు, ఇంటర్నల్స్ 34. రెండోది స్టాటిస్టికల్ మెథడ్స్, నాలుగు క్రెడిట్లు, ఇంటర్నల్స్ 20. రెండూ ఇంకా మొదలుపెట్టలేదు. రోజుకు పన్నెండు గంటలు చదువుతానని అనుకోవడం తేలిక. గడియారం పెట్టుకుని చూస్తే నిజంగా పుస్తకం మీద దృష్టి ఉన్నది ఆరు గంటలే. అలా 36 గంటలు. రెండు పరీక్షల ఉదయాలూ పాత ప్రశ్నపత్రం తిరగేయడానికి గంట చొప్పున తీసేస్తే 34 మిగులుతాయి.

ఒక యూనిట్‌కు ఎంతసేపు పడుతుందన్నది ఊహతో తేల్చకూడదు. ప్రతి సబ్జెక్టులో ఒక యూనిట్‌ని నిజంగా చదివి, పుస్తకం మూసి, పాత ప్రశ్న ఒకటి రాసి చూడాలి. ఈ అమ్మాయికి డేటా స్ట్రక్చర్స్ యూనిట్ నాలుగు గంటలు, స్టాటిస్టిక్స్ యూనిట్ ఆరు గంటలు పట్టింది. అలా చదివిన యూనిట్‌లో 12కి దాదాపు 9 వస్తున్నాయి. ముట్టుకోని యూనిట్‌లోనూ క్లాసులో విన్నదాన్ని బట్టి ఒక మూడు మార్కులు వస్తాయనుకుందాం. రెండు సబ్జెక్టులూ మొత్తం చదవాలంటే 20, 30 కలిపి 50 గంటలు కావాలి. ఉన్నవి 34.

ముందుగా అమ్మాయి మనసులో ఉన్న దారి చూద్దాం. డేటా స్ట్రక్చర్స్ అంటే ఇష్టం, ఇంటర్నల్స్ కూడా బాగున్నాయి, అందులో ‘ఓ’ కొట్టాలి. దానికి ఎక్స్‌టర్నల్‌లో 56 కావాలి, అంటే యూనిట్‌కు 11 పైనే. ఒకసారి చదివితే వచ్చేది 9. ఆ మిగతా రెండు మార్కుల కోసం ప్రతి యూనిట్‌నీ రెండోసారి తిరగేయాలి, బొమ్మలు గీయాలి, అల్గారిథమ్‌లు చూడకుండా రాయాలి. అలా చేస్తే 40 గంటలు. ఉన్న సమయమంతా అక్కడే పోసినా చాలదు. పోనీ ఎలాగో వచ్చిందనుకుందాం. స్టాటిస్టిక్స్‌కు ఒక్క గంట కూడా మిగలలేదు కాబట్టి ఐదు యూనిట్లలో మూడేసి చొప్పున 15 మార్కులు. అది ఫెయిల్. ‘ఓ’ వల్ల మూడు క్రెడిట్లకు 30 పాయింట్లు, రెండో దానికి సున్నా, పైగా ఒక బ్యాక్‌లాగ్.

కాస్త తగ్గి ‘ఏ ప్లస్’ అనుకుంటే? డేటా స్ట్రక్చర్స్ ఐదు యూనిట్లూ ఒకసారి చదవడానికి 20 గంటలు. ఎక్స్‌టర్నల్‌లో 45 వస్తే మొత్తం 79, ఒక్క మార్కు తక్కువ. అదృష్టం బాగుండి 80 అయిందనుకుందాం. 27 పాయింట్లు. మిగిలిన 14 గంటల్లో స్టాటిస్టిక్స్ రెండు యూనిట్లు అవుతాయి. రెండు తొమ్ములు, మూడు మూళ్లు కలిపి 27. చివరి రెండు గంటలకు ఇంకో రెండు మార్కులు వేసినా మొత్తం 49, ‘సీ’ గ్రేడ్. నాలుగు క్రెడిట్లకు 20 పాయింట్లు. రెండూ కలిపి 47.

మూడో దారి. డేటా స్ట్రక్చర్స్‌లో ఆఖరి యూనిట్, ప్యాటర్న్ మ్యాచింగ్, ట్రైస్ ఉన్నది, వదిలేస్తుంది. నాలుగు యూనిట్లకు 16 గంటలు. 36, 3 కలిపి 39, ఇంటర్నల్స్‌తో 73. అది ‘ఏ’, 24 పాయింట్లు. మిగిలిన 18 గంటల్లో స్టాటిస్టిక్స్ సరిగ్గా మూడు యూనిట్లు. 27, 6 కలిపి 33, ఇంటర్నల్స్‌తో 53. అది ‘బీ’, నాలుగు క్రెడిట్లకు 24. మొత్తం 48.

రెండు సబ్జెక్టుల్లోనూ పెద్దగా చెప్పుకోలేని గ్రేడ్లు పెట్టుకున్న దారే ముందుకొచ్చింది. అదృష్టం కలిసొచ్చిన ‘ఏ ప్లస్’ దారి కూడా దీనికి ఒక పాయింటు వెనకే ఉంది. అదృష్టం లేక 79 దగ్గర ఆగితే నాలుగు పాయింట్లు వెనకబడుతుంది. కారణం క్రెడిట్లలో ఉంది. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లనుకుంటే, నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో ఒక మెట్టు ఎక్కితే ఎస్‌జీపీఏలో 0.2 పెరుగుతుంది. మూడు క్రెడిట్ల దాంట్లో ఎక్కితే 0.15. ఇష్టం లేని సబ్జెక్టు కింది మెట్టు నుంచి ఒకటి పైకి రావడం, ఇష్టమైన సబ్జెక్టులో ఆఖరి మెట్టు ఎక్కడం కన్నా చాలాసార్లు తక్కువ గంటల్లో అవుతుంది. ఇంట్లోవాళ్లు ‘ఎన్ని ఓలు వచ్చాయి’ అని అడుగుతారు గానీ సీజీపీఏ ఓలను లెక్కపెట్టదు. కంపెనీల ఫారాలు కూడా చాలావరకు 60 శాతం ఉందా, బ్యాక్‌లాగ్ లేదా అనే అడుగుతాయి. ఈ యూనివర్సిటీ లెక్కలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో హెచ్చిస్తే శాతం వస్తుంది. 60 శాతమంటే 6.5.

అలాగని లక్ష్యం తగ్గించుకుంటూ పోవడమూ ప్రమాదమే. పాస్ కావడానికి మొత్తం 40 వస్తే సరిపోదు. ఎక్స్‌టర్నల్‌లో విడిగా 60కి 21 రావాలి. ఇంటర్నల్స్ 38 ఉన్నా, ఎక్స్‌టర్నల్‌లో 20 వస్తే ఫెయిలే. మన అంచనా నాలుగైదు మార్కులు అటూ ఇటూ పోతుంది. ఒక ప్రశ్న అడ్డం తిరిగినా, దిద్దినవాళ్లు కాస్త గట్టిగా దిద్దినా చాలు. అందుకే లక్ష్యంగా పెట్టుకునే మార్కు గ్రేడ్ అంచు మీద ఉండకూడదు. 53, 73 అన్నప్పుడు మూడేసి మార్కుల ఊపిరి ఉంది. అది కూడా తక్కువే. 79, 60, 21 లాంటి అంచుల మీద పథకం కడితే ఒక్క చిన్న పొరపాటుకు మెట్టు జారుతుంది.

పెట్టుకున్న లక్ష్యం సరైనదో కాదో రెండో రోజు రాత్రికే తెలిసిపోతుంది. చదివిన యూనిట్‌లోంచి పాత పది మార్కుల ప్రశ్న ఒకటి తీసుకుని, పుస్తకం చూడకుండా అరగంటలో రాయాలి. దాన్ని ఆ సబ్జెక్టు బాగా వచ్చిన స్నేహితుడితో దిద్దించాలి. మనం మనకు వేసుకునే మార్కులు ఎప్పుడూ ఎక్కువే. ఏడెనిమిది వస్తే లెక్క నిలబడినట్టే. ఐదు దగ్గర ఆగితే యూనిట్‌కు తొమ్మిదన్న అంచనా తప్పు, గంటలు పెంచాలి, యూనిట్లు తగ్గించాలి, గ్రేడ్ ఒక మెట్టు దించాలి. ఇది ఆ రాత్రే చేయాలి. ఐదో రోజు చేస్తే సర్దుకోవడానికి గంటలు ఉండవు. యూనిట్ అనుకున్నదానికన్నా త్వరగా అయిపోతుంటే, మిగిలిన గంటలు ఏ సబ్జెక్టును పై మెట్టుకు చేరుస్తాయో చూసి అక్కడికి మళ్లించాలి.

ఇంటర్నల్స్ 38, 39 ఉండి, సెమిస్టర్ మొదటి నుంచీ చదువుతూ వచ్చినవాళ్లకు ‘ఓ’ అందుబాటులోనే ఉంటుంది. వాళ్లకు కావలసింది 60కి 51, 52. పైచదువులకు విదేశాలు వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటి రెండు సబ్జెక్టుల్లో మంచి గ్రేడ్ అవసరం కూడా కావచ్చు. అప్పుడు లక్ష్యం పెద్దదని కాదు, దానికి తగ్గ గంటలు ఇంకో సబ్జెక్టును ముంచకుండా దొరుకుతున్నాయా అన్నదే చూడాలి.

ఇక వదిలేసిన యూనిట్ల మాట. లెక్కలో వాటికి మూడేసి మార్కులు వేశాం కదా, అవి ఊరికే రావు. పరీక్ష ఉదయం పెట్టుకున్న ఆ గంటలో ఒక పావుగంట వీటికి ఇవ్వాలి. పార్ట్-ఏలో ఆ యూనిట్ నుంచి రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, అవి ఎక్కువగా నిర్వచనాలూ చిన్న సూత్రాలే. ట్రై అంటే ఏమిటో రెండు వాక్యాలు, ఒక చిన్న బొమ్మ గుర్తుంటే పార్ట్-బీలో కూడా కాగితం ఖాళీగా వదలక్కర్లేదు. మూడు గంటల పరీక్షలో చదివిన యూనిట్లు ముందు రాసి, ఆఖరి పదిహేను నిమిషాలు ఈ ప్రశ్నకు ఉంచుకుంటే చాలు.