కప్పుల లెక్క కన్నా ఎత్తుల లెక్క

పిల్లల ఫుట్‌బాల్ అకాడమీకి సాయం చేసే పెద్దలు ముందుగా అడిగేది, "ఈ ఏడు ఎన్ని కప్పులు గెలిచారు?" అని. పన్నెండేళ్లలోపు పిల్లల విషయంలో ఈ ప్రశ్నే చేటు చేస్తుంది. ఆ వయసులో కప్పు కావాలంటే త్వరగా ఎదిగిన పిల్లలను ఏరుకొని, బంతిని దూరంగా తన్నిస్తే చాలు. వాళ్లకు ఆట మాత్రం రాదు.

1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవారే. ఆయన పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు పెట్టించేవారు. అక్కడ బలం పనికిరాదు. రెండో కాలు అలవాటు కావాలి, పక్కవాడిని చూసి పాస్ ఇవ్వాలి. చింతమడక లాంటి ఊరిలోనూ మొదటి మెట్టు ఇదే కావాలి. చిన్న మైదానంలో ఐదుగురి జట్లుగా ఆడిస్తే బంతి ప్రతి పిల్లవాడి కాలికీ ఎక్కువసార్లు అందుతుంది.

రెండో మెట్టు సుమారు పన్నెండు నుంచి పదహారేళ్ల వరకు. చాలామంది పిల్లలను పోగొట్టుకునేది ఇక్కడే. మగపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున పదమూడున్నర, పద్నాలుగేళ్ల మధ్య వస్తుంది. కొందరికి ఏడాది ముందే, కొందరికి ఏడాదికి పైగా ఆలస్యంగా వస్తుంది. ఆడపిల్లల్లో దాదాపు రెండేళ్లు ముందుగా వస్తుంది. ఒకే తరగతి పిల్లలైనా శరీరం లెక్కన వయసులు వేరు.

దీన్ని కనిపెట్టడానికి గోడకు అతికించిన టేపు, ఒక నోటుబుక్కు చాలు. సాయంత్రానికి మనిషి ఎత్తు కొంచెం తగ్గుతుంది కాబట్టి ఎప్పుడూ ఉదయమే, చెప్పులు లేకుండా, రెండుసార్లు కొలిచి సగటు రాయాలి. మూడు నెలలకోసారి కొలవాలి. నెలనెలా కొలిస్తే పెరుగుదల కన్నా కొలతలో పొరపాటే ఎక్కువ కావచ్చు.

ఒక పిల్లవాడు జూన్‌లో 148 సెంటీమీటర్లు, సెప్టెంబరులో 150.5 ఉన్నాడనుకుందాం. మూడు నెలల్లో రెండున్నర అంటే ఏడాదికి పది లెక్క. అంతకుముందు ఏడాదికి ఐదే పెరిగేవాడు. అంటే వేగంగా పెరిగే దశ మొదలైంది. ఎముక సాగినంత త్వరగా కండరాలు, నరాలు సర్దుకోవు. నిన్నటిదాకా చక్కగా ఆడినవాడు తడబడతాడు. మోకాలి చిప్ప కింద బొడిపె లేచి నొప్పి పెట్టవచ్చు. అప్పుడు దూకుళ్లు, వేగపు పరుగులు, తన్నుడు తగ్గించి, పాసింగ్, నిలకడ సాధనలు చేయించాలి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. "బద్ధకం" అని తిట్టి జట్టులోంచి తీసేయడమే పెద్ద తప్పు.

ఆలస్యంగా ఎదిగేవాడిని తనకన్నా పొడుగువాళ్లతోనే ఎప్పుడూ ఆడిస్తే బంతే అందదు. అందుకే వారంలో ఒకరోజు వయసును బట్టి కాక ఎదుగుదలను బట్టి జట్లు వేయాలి.

మూడో మెట్టు ఎదుగుదల నెమ్మదించాక, సుమారు పదహారు దాటాక. బరువులతో కసరత్తు పెంచడం, మైదానంలో స్థానం ఖాయం చేయడం, గెలుపోటముల లెక్క అప్పుడే.

కాబట్టి దాతలు వచ్చే ఏడు ఎత్తుల పుస్తకం చూపమని అడగండి. పదమూడేళ్లప్పుడు చేరినవారిలో పదహారేళ్లకు ఎందరు మిగిలారో అడగండి. మీ సొమ్ము ఎక్కడ పనిచేసిందో ఆ లెక్కే చెబుతుంది.