గ్రూప్ ఫొటోలో ముఖానికి ఎన్ని పిక్సెళ్లు?

పెళ్లిపందిరి ముందు రెండు వైపుల బంధువులూ మూడు వరసల్లో కూర్చుని, నిలబడి దిగిన నలుపు తెలుపు ఫొటో పాత ఇళ్లలో ఒక్కటైనా ఉంటుంది. స్టూడియోవాళ్లు దాన్ని ఎక్కువగా హాఫ్ ప్లేట్ సైజులో ఇచ్చేవారు. అంటే ఒక వైపు 4¾ అంగుళాలు, ఇంకో వైపు 6½ అంగుళాలు. పాతికమంది ఉన్న ఫొటోలో ఒక్కో ముఖం గడ్డం నుంచి నడినెత్తి దాకా సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. రెండో వరసలో నిలబడ్డ తాతగారికి ఇంకే ఫొటో లేకపోతే, ఆ ఎనిమిది మిల్లీమీటర్ల నుంచే ఆయన రూపాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టించాలి. మరకలు తీయడం, గీతలు పూడ్చడం, వెలిసిన నలుపును మళ్లీ నిలబెట్టడం అన్నీ ఆ తర్వాతి పనులు. ముందు ఆ ముఖం కంప్యూటర్‌లోకి పూర్తిగా రావాలి. స్కానర్ వదిలేసిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. మహా అయితే ఊహించి గీస్తుంది, ఆ గీసిన కన్ను తాతగారిది కాదు.

స్కానర్ ఫొటోను చిన్న చిన్న గళ్లుగా చదువుతుంది. ఒక అంగుళంలో ఎన్ని గళ్లు చదవాలో చెప్పే అంకెనే వాడుకలో డీపీఐ అంటారు. 300 డీపీఐలో చదివితే ఎనిమిది మిల్లీమీటర్ల ముఖానికి ఎత్తున 94 పిక్సెళ్లు వస్తాయి. ఒక మిల్లీమీటరుకు కాస్త మించిన కంటికి దక్కేవి 13 మాత్రమే. కనుపాప, రెప్ప, కాటుక గీత అన్నీ ఆ పదమూడింటిలోనే ఇమడాలి కాబట్టి కన్ను ఒక నల్లటి మచ్చగా మిగులుతుంది. 600లో ముఖానికి 189 పిక్సెళ్లు, 1200లో 378 వస్తాయి. కాగితం మీద నాణ్యంగా అచ్చు వేయడానికి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చాలంటారు. ఆ లెక్కన 1200లో చదివిన ముఖాన్ని అంగుళంపావు ఎత్తుకు పెంచవచ్చు. పోస్టుకార్డు సైజు ఫొటోలో భుజాల దాకా కనిపించే రూపానికి అది సరిపోతుంది. గోడకు తగిలించే పెద్ద ఫ్రేములో మాత్రం దూరం నుంచి బాగానే ఉన్నా దగ్గరికి వెళ్తే మసకగా కనిపిస్తుంది. అసలు ఫొటోలో ఉన్న హద్దు అది.

అలాగని అంకెను పెంచుతూ పోతే వివరం పెరగదు. కాగితం మీద లేనిది స్కానర్‌కూ దొరకదు. గాజు ప్లేటు నెగటివ్‌ను నేరుగా కాగితానికి ఆనించి తీసిన కాంటాక్ట్ ప్రింట్లు చాలా నిశితంగా ఉంటాయి. భూతద్దంతో చూస్తే చీర అంచులోని జరీ గీతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. వాటికి 1200 దండగ కాదు. చిన్న కెమెరాతో తీసి పెద్దది చేయించిన ప్రింటు భూతద్దం కింద మెత్తగా, మసకగా కనిపిస్తుంది. దానికి 600 చాలు, చాలా వాటికి 400 అయినా నష్టం లేదు. అనుమానం ఉంటే ఒక్క ముఖం ఉన్న భాగాన్ని మాత్రమే ఎంచుకుని 300లో, 600లో, 1200లో మూడుసార్లు స్కాన్ చేసి, తెరమీద మూడింటినీ ఒకే సైజుకు తెచ్చి పక్కపక్కన పెట్టాలి. ఏ అంకె దగ్గర కొత్త గీత ఏదీ కనిపించక, కాగితపు గరుకు మాత్రమే పెద్దదవుతుందో, దానికి ముందు అంకె దగ్గర ఆగాలి. స్కానర్ పెట్టె మీద 9600, 12800 వంటి అంకెలు రాసి ఉంటాయి. వాటిలో చాలా భాగం సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి మధ్యలో చేర్చే పిక్సెళ్లే. కొనేటప్పుడు చూడాల్సింది ఆప్టికల్ రిజల్యూషన్.

మన హాఫ్ ప్లేట్ ఫొటో 1200లో 7800 × 5700 పిక్సెళ్లు అవుతుంది. అంటే దాదాపు 4 కోట్ల 45 లక్షల గళ్లు. ఒక్కో గడికి 6 బైట్ల చొప్పున ఫైలు 267 ఎంబీ తూగుతుంది. అదే 600లో 67 ఎంబీ. ఇంట్లో రెండు వందల ఫొటోలుంటే అన్నిటికీ 1200 పెట్టడం వృథా. ముఖాలు చిన్నవిగా ఉన్న గ్రూప్ ఫొటోలకూ, పాస్‌పోర్ట్ సైజు వాటికీ, చిన్న కాంటాక్ట్ ప్రింట్లకూ 1200 ఉంచి మిగతా వాటికి 600 వాడితే రోజులూ కలిసొస్తాయి, డిస్కూ మిగులుతుంది.

గడికి ఆరు బైట్లు ఎందుకన్నది రెండో సంగతి. నలుపు తెలుపు ఫొటో కదా అని గ్రేస్కేల్‌లో స్కాన్ చేయడం చాలామంది చేసే పొరపాటు. యాభై, అరవై ఏళ్ల ఫొటో నలుపు తెలుపుగా మిగలదు. కాగితం పసుపెక్కుతుంది, టీ మరకలు, చెమ్మ మచ్చలు గోధుమరంగులో పరుచుకుంటాయి. రంగులో స్కాన్ చేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానళ్లు విడివిడిగా వస్తాయి. పసుపు, గోధుమ మరకలు నీలం చానల్‌లో నల్లగా కొట్టొచ్చినట్టు ఉంటాయి, ఎరుపులో దాదాపు మాయమవుతాయి. మరకలే సమస్య అయిన ఫొటోకు ఎరుపు చానల్‌ను మాత్రమే తీసుకుంటే గంటలకొద్దీ దిద్దుబాటు తప్పుతుంది. బొమ్మే పసుపుగా వెలిసిపోయిన ఫొటోకు తిరగబడుతుంది. ఆ పలచని గీతలు నీలంలోనే గట్టిగా పడతాయి. గ్రేస్కేల్‌లో మూడూ కలిసిపోతాయి కాబట్టి ఎంచుకునే వీలే పోతుంది. చేత్తో రంగులద్దిన పాత స్టూడియో ఫొటోల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక్కో చానల్‌కు ఎన్ని మెట్లు ఉండాలన్నది దీనికి తోడుగా వచ్చే ప్రశ్న. 8 బిట్లలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లుంటాయి. వెలిసిన ఫొటోలో నిజమైన నలుపూ ఉండదు, తెలుపూ ఉండదు. టోన్లన్నీ 90 నుంచి 190 మధ్య ఇరుక్కుని ఉంటాయనుకుందాం. తర్వాత కాంట్రాస్ట్ పెంచినప్పుడు ఆ వంద మెట్లనే 256 మెట్ల మేరకు సాగదీయాలి. మధ్యలో ఖాళీలు పడి, నున్నగా ఉండాల్సిన చెంప మీద పటంలోని గీతల్లా పట్టీలు తేలతాయి. 16 బిట్లలో అదే ఇరుకులో 25 వేలకు పైగా మెట్లుంటాయి కాబట్టి ఎంత సాగదీసినా ఖాళీ కనబడదు. స్కానర్ కిటికీలో `48-bit Color` అని కనిపించేది ఇదే, మూడు చానళ్లకు పదహారేసి.

అన్నిటికంటే ఎక్కువ ఫొటోలను పాడుచేసేది ఎక్స్‌పోజర్. ప్రివ్యూ చూసి స్కానర్ తనంతట తాను ఫొటోను తళుక్కుమనిపిస్తుంది. తెల్ల పంచెలు, మల్లెపూల దండలు, మగపెళ్లివారి నల్లకోట్లు ఉన్న గ్రూప్ ఫొటోలో ఆ తళుకు ఖరీదైనది. పంచె మడతల్లోని లేత బూడిద ఛాయలు తెలుపులో, కోటు బొత్తాలు నలుపులో కలిసిపోతాయి. దాన్ని పట్టుకోవడం సులువే. హిస్టోగ్రామ్ తెరిస్తే టోన్ల గుట్ట రెండు వైపులా గోడకు ఆనకుండా, కొసల దగ్గర కాస్త ఖాళీ వదిలి నేలకు దిగాలి. కుడి గోడకు ఆనుకుని నిటారు గీత లేచిందంటే తెలుపు తెగిపోయినట్టు. పంచె మీద మౌసు ఉంచితే మూడు అంకెలూ 255 అని చూపిస్తాయి. అప్పుడు హైలైట్ జారుడు గుర్తును గుట్ట చివరికంటే కొంచెం బయటికి, షాడో గుర్తును ఆ పక్క కొంచెం బయటికి జరిపి మళ్లీ స్కాన్ చేయాలి. వచ్చే బొమ్మ చప్పగా, బూడిదగా ఉంటుంది. ఆ చప్పదనమే కావాలి, మెరుగు తర్వాత దిద్దవచ్చు. ఫొటో చుట్టూ ఉన్న తెల్ల అంచును కత్తిరించకుండా స్కాన్‌లో ఉంచితే కాగితం ఎంత పసుపెక్కిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇదే కారణంతో స్కానర్ చేసిపెడతానన్న సాయాలన్నీ ఆపేయాలి. ఎప్సన్ స్కానర్లలో `Professional Mode`లోకి వెళితే `Unsharp Mask`, `Descreening`, `Color Restoration`, `Dust Removal` అని పెట్టెలు కనిపిస్తాయి. మొదటిది చాలాసార్లు టిక్ పెట్టే ఉంటుంది. అది అంచుల వెంట తెల్లటి, నల్లటి సన్నగీతలు గీస్తుంది. తర్వాత మెరుగుపరిచే సాఫ్ట్‌వేర్ వాటిని నిజమైన గీతలనుకుని ఇంకా పెంచుతుంది. `Dust Removal` ధూళితో పాటు ముక్కుపుడకను కూడా తుడిచేయగలదు. `Descreening` పత్రికల్లో చుక్కలుగా అచ్చయిన బొమ్మలకు ఉద్దేశించింది, స్టూడియో ఫొటోను అనవసరంగా మెత్తబరుస్తుంది.

ధూళిని సాఫ్ట్‌వేర్‌తో కాకుండా బ్లోయర్‌తో, మెత్తని పొడి కుంచెతో తీయాలి. తడిగుడ్డ ఫొటో మీదికి రాకూడదు, జెలటిన్ పొర నీటికి ఉబ్బి ఊడిపోతుంది. వంకరపోయిన ఫొటోను బలంగా అదిమితే ఆ పొర పగులుతుంది. సన్నగా, పలచగా ఉండే సీఐఎస్ రకం స్కానర్లు గాజుకు ఆనిన దాన్నే స్పష్టంగా చదువుతాయి, ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా మసకబారుతుంది. సీసీడీ రకానికి ఆ లోతు కొంత ఎక్కువ, అట్ట మీద అంటించిన, వంగిన ఫొటోలకు అదే నయం. ముదురు భాగాల్లో నీలిగా మెరిసే వెండిపొర పట్టిన ఫొటోను గాజు మీద పావు వంతు తిప్పి పెట్టి మళ్లీ చదివిస్తే, దీపం పడే దిక్కు మారి మెరుపు తరచు తగ్గుతుంది. తేనెతుట్టెలా గరుకు ఉన్న రంగు ప్రింట్లను ఒకసారి నేరుగా, మరోసారి తలకిందులుగా స్కాన్ చేసి, రెండింటినీ సరిగ్గా ఒకదానిపై ఒకటి కలిపి సగటు తీస్తే ఆ గరుకు నీడలు చాలావరకు కొట్టుకుపోతాయి.

ఉక్కపోత ఉన్న కోస్తా ఊళ్లలో ఫ్రేములోని ఫొటో గాజుకు అతుక్కుపోవడం మామూలే. దాన్ని ఊడదీయబోతే ముఖం గాజుకే మిగిలిపోతుంది. గాజుతో సహా సీసీడీ స్కానర్‌పై పెట్టడం, లేదా రెండు వైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి కెమెరాతో తీయడం మేలు.

ఫైలును `TIFF`గా భద్రపరచాలి. `JPEG` 8 బిట్లకు కుదించడమే కాకుండా, ఎనిమిదేసి పిక్సెళ్ల చదరాలుగా వివరాన్ని పారేస్తుంది. కాంట్రాస్ట్ పెంచగానే ఆ చదరాలు చెంపల మీద బయటపడతాయి. మొదటి ఫైలును ముట్టుకోకుండా ఉంచి, దిద్దుబాట్లు నకలు మీద చేయాలి. ఫొటో వెనక స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన పేర్లు ఉంటే దానికి 300 చాలు, అదే పేరుతో పక్కనే ఉంచాలి. గాజు మీద నుంచి ఫొటోను తీయక ముందే తెరపై నూటికి నూరు శాతం పెద్దది చేసి రెండు చోట్ల చూడాలి. రెండో వరసలోని ఆ కళ్లలో కనుపాప విడిగా కనిపిస్తోందా, ముందు వరసలో కూర్చున్నవాళ్ల పంచెల్లో మడతలు ఉన్నాయా అని. రెండూ ఉంటే ఫొటోను తిరిగి కవరులో పెట్టేయవచ్చు.